ఇంటికి ఏ నిచ్చెన కొనాలి: అల్యూమినియమా, వెదురా, ఫైబరా?

నిచ్చెన కొనడానికి వెళ్ళిన వాళ్ళు సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని అడుగులు, ఎంత ధర. హైదరాబాద్ రాణిగంజ్‌లో అడిగినా, ట్రూప్ బజార్‌లో అడిగినా ముందుగా బయటికి తీసేది అల్యూమినియందే. తేలిగ్గా ఉంటుంది, తుప్పు పట్టదు, మడిచి తలుపు వెనక నిలబెట్టుకోవచ్చు. ఇవన్నీ నిజమే. కానీ ఇంట్లో నిచ్చెన వేసేది ఎందుకో ఒకసారి చూడండి: ఫ్యాను బిగించడానికి, ట్యూబ్‌లైట్ మార్చడానికి, గీజర్ దగ్గర వైరు చూడటానికి, దీపావళికి సీరియల్ బల్బులు కట్టడానికి. చాలావరకు కరెంటు పనులే. అందుకే మూడో ప్రశ్న కూడా అడగాలి: ఇది దేనితో చేసింది?

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఇంట్లో ఒక్క నిచ్చెనే ఉండబోతుంటే, దానిమీద ఎవరైనా ఎప్పుడైనా ఫ్యానో లైటో ముట్టుకునే అవకాశం ఉంటే, 6 అడుగుల ఫైబర్‌గ్లాస్ మడత నిచ్చెన కొనండి. మిగతా రెండూ ఎప్పుడు సరిపోతాయో, ఎప్పుడు సరిపోవో కింద వివరంగా ఉంది.

## ఏయే విషయాలు చూడాలి

మొదటిది, కరెంటు పారే దారి. రెండోది, తడిసినప్పుడు నిచ్చెన ఎలా మారుతుందన్నది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడిసే ఊళ్ళో దీన్ని వదిలేయలేం. మూడోది బరువు, ఎందుకంటే ఒక్కరే మోయలేని నిచ్చెనను తీయడానికి బద్ధకించి జనం కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కుతారు. నాలుగోది, పాడైతే ఆ సంగతి కంటికి కనపడుతుందా లేదా. ధర వీటి తర్వాతే.

మొదటి విషయం అర్థమైతే మిగతావి సులువు. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. ఫేజు తీగ చేతికి తగిలినంత మాత్రాన ప్రాణం పోదు. ఆ కరెంటు ఒంట్లోంచి నేలకో, న్యూట్రల్‌కో చేరే దారి దొరికితేనే పోతుంది. తడి చేతులతో, వట్టి కాళ్ళతో ఉన్న మనిషి ఒంటి నిరోధం సుమారు 1,000 ఓమ్‌లు అనుకుందాం. 230ని 1,000తో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. పది మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుని పట్టుకున్న తీగను వదల్లేని పరిస్థితి మొదలవుతుంది. ముప్పై దాటి కొద్దిసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కరెంటు నేలకు కారితే సరఫరాను ఆపడానికి ఇళ్ళలో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర పడిపోయేలా చేసేది అందుకే. ఎంసీబీ ఉంది కదా అని ధైర్యపడొద్దు. 6 ఆంపియర్ల ఎంసీబీకి 0.23 ఆంపియర్ ఒక చిన్న బల్బు వెలిగినంత లెక్క. అది కదలదు.

అంటే పైన చేయి పొరపాటున తీగకు తగిలినప్పుడు, కాళ్ళ కింద ఉన్నది నేలకు దారి ఇస్తుందా, అడ్డుపడుతుందా అన్నదే ఈ మూడింటి మధ్య అసలు తేడా.

## అల్యూమినియం

అల్యూమినియం కరెంటు తీగలు చేసే లోహం. వీధిలో స్తంభాల మీద సాగే తీగలు చాలావరకు అదే. అలాంటి నిచ్చెన మీద వట్టి కాళ్ళతో నిలబడితే, కరెంటు విషయంలో నేల మీద నిలబడినట్టే. మధ్యలో ఉన్న ఆరడుగుల ఎత్తు లెక్కలోకే రాదు.

"కింద రబ్బరు బుష్‌లు ఉన్నాయి కదా" అని దుకాణదారు అంటాడు. అవి జారకుండా పెట్టినవి, కరెంటును ఆపడానికి పెట్టినవి కావు. నల్ల రబ్బరులో కార్బన్ కలుస్తుంది, కాబట్టి అది పూర్తి నిరోధకం అన్న నమ్మకం లేదు. ఏడాది వాడాక అంచులు అరిగి లోపలి లోహం నేలకు తగులుతుంది. బాత్‌రూమ్ ముందరో డాబా మీదో నేల తడిగా ఉంటే బుష్ చుట్టూ నీటి పొర చాలు. నిచ్చెన పక్క కమ్మీ కిటికీ గ్రిల్‌కో, ఇనుప పైపుకో ఆనుకుంటే ఇక బుష్‌లతో పనే లేదు.

అయినా దాని మంచి గుణాలను కాదనలేం. 6 అడుగుల మడత నిచ్చెన 5 నుంచి 7 కిలోలు ఉంటుంది. పెద్దవాళ్ళు కూడా ఒక చేత్తో జరుపుకోగలరు. వానలో వదిలేసినా చెడిపోదు. పాడైతే కంటికి తెలుస్తుంది: కమ్మీ వంగుతుంది, రివిట్ వదులై మెట్టు కటకటలాడుతుంది. వంగిన కమ్మీని సుత్తితో సరిచేసి వాడితే మాత్రం అదే చోట మళ్ళీ మడత పడుతుంది. అలాంటిది పక్కన పెట్టేయాలి.

సజ్జ మీద సామాన్లు దించడం, కర్టెన్లు మార్చడం, గోడ దులపడం, దగ్గర్లో తీగలు లేని చోట మామిడికాయలు కోయడం లాంటి పనులకు దీన్ని మించింది లేదు.

## వెదురు

సున్నాలు వేసేవాళ్ళు, మండపాలు కట్టేవాళ్ళు నేటికీ వెదురు నిచ్చెననే మోసుకొస్తారు. చవక. పన్నెండు, పదిహేను అడుగుల పొడవు సులువుగా దొరుకుతుంది. కర్ర కదా, షాక్ కొట్టదు అనే నమ్మకం కూడా అందరిలో ఉంది. ఆ నమ్మకాన్ని కాస్త తరచి చూడాలి.

బాగా ఎండిన వెదురు నిజంగానే కరెంటును బాగా అడ్డుకుంటుంది. ఏప్రిల్, మే నెలల ఎండలకు హైదరాబాద్‌లో ఎండిపోయిన బొంగు మీద 230 వోల్టులతో పెద్ద భయం ఉండదు. కానీ తేమ పట్టేకొద్దీ దాని నిరోధం వేల రెట్లు పడిపోతుంది. పచ్చి బొంగుతో కొత్తగా కట్టిన నిచ్చెన, వానలో నానిన నిచ్చెన కరెంటు దగ్గర వాడటానికి పనికిరావు.

ఇక్కడ కంటికి కనపడని చిక్కు ఒకటుంది. నిలువు బొంగుకు బెజ్జాలు చేసి అందులోంచి మెట్లు దూర్చిన నిచ్చెనను దగ్గరగా చూడండి. వెదురు కణుపుకూ కణుపుకూ మధ్య బోలుగా ఉంటుంది. నిచ్చెన డాబా మీద వానలో ఉంటే మెట్టు పక్క సందులోంచి నీళ్ళు ఆ బోలులోకి దిగుతాయి. కింది కణుపు అడ్డుపడి అవి అక్కడే నిలుస్తాయి. మర్నాడు ఎండకాస్తే పైతోలు గంటలో ఆరి పచ్చగా మెరుస్తుంది. లోపల మాత్రం రోజుల తరబడి తడే. నిచ్చెనను తలకిందులు చేసి ఊపితే ఒక్కోసారి నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది, బెజ్జం దగ్గర చెమ్మ మరక కనిపిస్తుంది. పైన తడిమి చూసి "ఆరిపోయింది" అనుకోవడం అందుకే ప్రమాదం.

రెండో చిక్కు కట్లు. కొబ్బరి తాడుతో కట్టినది వేరు, ఇనుప తీగ చుట్టి మేకులు కొట్టినది వేరు. ఒక్కో మెట్టు దగ్గర చుట్టిన తీగ కిందదాకా కలిసిపోదు కాబట్టి అల్యూమినియమంత ప్రమాదం కాదు. అయితే పైమెట్టు నుంచి కిందదాకా ఒకే తీగను సాగదీసి బిగించిన నిచ్చెనలు కూడా అమ్ముతారు. అది కర్ర ముసుగు వేసుకున్న లోహపు నిచ్చెనే.

బలం విషయానికొస్తే, ముదిరిన బొంగు ఎంచుకోవాలి. గోడ మందంగా ఉండాలి, తట్టితే గట్టిగా మోగాలి. నిలువు బొంగు చివర కణుపుకు కాస్త అవతలే కోసి ఉండాలి. కణుపుల మధ్యలో కోస్తే బరువుకు చివర చీలుతుంది. కొన్న తర్వాత నేల మీద సన్నని పచ్చటి పిండి రాలుతుంటే పురుగు పట్టినట్టే. వెదురులోని పిండిపదార్థం కోసం అది లోపల తొలుస్తూ పోతుంది, పైకి కనపడేవి గుండుసూది తలంత బెజ్జాలే. అలాంటి నిచ్చెన ఒకరోజు నిలువు బొంగు దగ్గరే విరుగుతుంది. ఎండాకాలం బొంగు కుంచించుకుని తాళ్ళు వదులవుతాయి, కాబట్టి మే నెలాఖరులో ప్రతి కట్టునూ లాగి చూసి మళ్ళీ బిగించాలి.

మొత్తానికి వెదురు నిచ్చెన పొడి కాలంలో రంగులకు, కట్టుబడి పనికి మంచిది. ఇంట్లో కరెంటు పని కోసమే కొనాలంటే వద్దంటాం. అది ఈరోజు నిరోధకమా కాదా అని తేల్చుకునే సులువైన మార్గం ఇంట్లోవాళ్ళకు లేదు.

## ఫైబర్‌గ్లాస్

గాజు పోగులను రెజిన్‌లో ముంచి అచ్చులోంచి లాగి చేసిన కమ్మీలు ఇవి. దుకాణాల్లో ఎఫ్‌ఆర్‌పీ నిచ్చెన అంటారు, ఎక్కువగా పసుపు లేదా నారింజ రంగులో ఉంటుంది. శుభ్రంగా, పొడిగా ఉన్నంతవరకు 230 వోల్టులకు దీని కమ్మీల గుండా పారేది ఒంటికి తెలియనంత తక్కువ. తేమను లోపలికి పీల్చుకోదు కాబట్టి తడిసినా తుడిచి ఆరబెడితే మామూలు స్థితికి వస్తుంది. వెదురుతో పోలిస్తే పెద్ద తేడా ఇదే.

మెట్లు మాత్రం చాలా మోడళ్ళలో అల్యూమినియమే. కొనేవాళ్ళు దీన్ని చూసి కంగారుపడతారు. అడ్డుపడే పని పక్క కమ్మీలది. ఒక మెట్టుకూ దాని కింది మెట్టుకూ మధ్య అడుగు పొడవున ఫైబర్ ఉంటుంది, కాబట్టి నేలకు దారి తెగినట్టే. మెట్లు కూడా ఫైబర్‌తో చేసినవి దొరుకుతాయి. ఎలక్ట్రీషియన్ పని చేసేవాళ్ళకు అవి ఇంకా మేలు.

రంగు వేసిన అల్యూమినియాన్ని ఫైబర్ అని అంటగట్టకుండా చూసుకోవాలి. అయస్కాంతంతో లాభం లేదు, రెండింటికీ అంటుకోదు. రూపాయి బిళ్ళతో కొడితే అల్యూమినియం గణగణ మంటుంది, ఫైబర్ మొద్దుగా టక్ మంటుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే మల్టీమీటరు తీసుకెళ్ళి బజర్ మీద పెట్టి, ఒక కొన పైమెట్టు లోహానికి, ఇంకో కొన అట్టడుగు మెట్టు లోహానికి రంగు లేని చోట గట్టిగా ఆనించండి. కూత వస్తే కమ్మీ లోహమే. రాకపోతే, కమ్మీ కింది చివర రబ్బరు బుష్ పక్కకు జరిపి కోసిన అంచు చూడండి, సన్నని గాజు పోగుల వరుస కనపడాలి. ఈ పరీక్ష నిచ్చెన దేనితో చేసిందో మాత్రమే చెబుతుంది. వాడకంలో దాని నిరోధం ఎలా ఉందో తెలియాలంటే ఎలక్ట్రీషియన్ దగ్గరి 500 వోల్టుల మెగ్గర్‌తో కొలవాలి.

దీని లోపాలు రెండు. 6 అడుగులది 8 నుంచి 11 కిలోల దాకా ఉంటుంది, ధర కూడా అల్యూమినియం కన్నా బాగా ఎక్కువ. ఇంకోటి ఎండ. డాబా మీద ఏళ్ళ తరబడి వదిలేస్తే పైన రెజిన్ పొర పోయి గాజు పోగులు నూగులా లేస్తాయి. చేయి పెడితే దురద పుడుతుంది. ఆ నూగులో దుమ్ము, తేమ చిక్కుకుని కమ్మీ మీద కరెంటుకు దారి పడుతుంది. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నీడలో పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. సున్నం, సిమెంటు, రంగు చిందినా వెంటనే తుడవాలి. రంగు మాత్రం ఎప్పుడూ వేయించవద్దు, అది పగుళ్ళను దాచేస్తుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| విషయం | అల్యూమినియం | వెదురు | ఫైబర్‌గ్లాస్ |
|---|---|---|---|
| 230 వోల్టుల దగ్గర | నేలకు సూటి దారి | బాగా ఎండితే పర్వాలేదు, తడిస్తే నమ్మలేం | పొడిగా, శుభ్రంగా ఉంటే మంచి అడ్డు |
| వానలో తడిస్తే | బలానికి లోటు లేదు | లోపల రోజుల తరబడి తడి | తుడిచి ఆరబెడితే చాలు |
| 6 అడుగుల మడత నిచ్చెన బరువు | 5–7 కిలోలు | మడత రకం సాధారణంగా ఉండదు | 8–11 కిలోలు |
| పాడైతే తెలిసేది | వంపు, వదులు రివిట్ | పిండి, చీలిక, వదులు కట్లు | నూగు, పగులు |
| ధర | మధ్యస్థం | తక్కువ | ఎక్కువ |

## ఫ్యాను బిగించే పని మీద లెక్క వేస్తే

పది అడుగుల స్లాబు ఉన్న గది. స్లాబులోని హుక్కు దగ్గర చేతులు పెట్టి వైర్లు కలపాలి. అయిదున్నర అడుగుల మనిషి మోచేతులు కాస్త వంచి హాయిగా పని చేయగలిగేది తన పాదాలకు ఆరున్నర అడుగుల పైన. అంటే పాదాలు మూడున్నర, నాలుగు అడుగుల ఎత్తులో ఉండాలి. మడత నిచ్చెనలో పై రెండు మెట్ల మీద నిలబడకూడదు, ఎందుకంటే మోకాళ్ళకు ఆసరా ఉండదు. ఈ లెక్కన 6 అడుగులది సరిగ్గా సరిపోతుంది. 5 అడుగులది తీసుకుంటే పైమెట్టు ఎక్కక తప్పని పరిస్థితి వస్తుంది. బరువు వైపు చూస్తే, 75 కిలోల మనిషి, ఫ్యాను, పనిముట్లు కలిపి 85 కిలోలు దాటొచ్చు. మనిషి కదిలినప్పుడు పడే ఊపు కూడా ఉంటుంది కాబట్టి 150 కిలోలు అని రాసి ఉన్నది తీసుకోండి.

ఇక కరెంటు ఆపడం. గోడ మీది స్విచ్ ఆపితే చాలదు. పాత ఇళ్ళలో స్విచ్ ఫేజుకు బదులు న్యూట్రల్ మీద పడి ఉండొచ్చు. అప్పుడు ఫ్యాను ఆగుతుంది కానీ పైన వైరులో ఫేజు అలాగే ఉంటుంది. మెయిన్ ఆపాలి. మెయిన్ ఆపగానే చాలా ఇళ్ళలో ఇంకోటి జరుగుతుంది: ఇన్వర్టర్ అందుకుని అవే ఫ్యాన్లకు, లైట్లకు 230 వోల్టులు ఇస్తుంది. కరెంటు పోయినప్పుడు ఏయే ఫ్యాన్లు తిరుగుతాయో గుర్తు తెచ్చుకోండి, మీరు ముట్టుకోబోయేది వాటిలో ఒకటి కావచ్చు. కాబట్టి మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపాలి.

తర్వాత పరీక్ష. నియాన్ టెస్టర్ గురించి తెలిసినవాళ్ళు కూడా మరచిపోయే సంగతి ఇక్కడ ఉంది. ఆ చిన్న దీపం వెలగాలంటే కొద్దిపాటి కరెంటు మీ ఒంట్లోంచి నేలకు పోవాలి. ఫైబర్ నిచ్చెన మీద మీరు నేలతో తెగిపోయి ఉన్నారు. అందుకే వైరులో ఫేజు ఉన్నా టెస్టర్ మసకగా వెలగొచ్చు, అసలు వెలగకపోవచ్చు. "లైటు రాలేదు, కరెంటు లేదు" అనుకుని వైరు పట్టుకుంటే ఇంకో చేయి స్లాబు హుక్కుకో తడి గోడకో తగిలి ఉండొచ్చు. మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి రెండు వైర్ల మధ్య ఒకసారి, ఒక్కో వైరుకూ ఎర్త్‌కూ మధ్య ఒకసారి చూడండి. చూసేముందు, చూశాక, కరెంటు ఉన్న సాకెట్‌లో అదే మీటరు పని చేస్తోందో లేదో కూడా చూసుకోవాలి. మెయిన్ ఆపేశాక ఇంట్లో అలాంటి సాకెట్ ఉండదు కాబట్టి మొదటి పరీక్ష మెయిన్ ఆపకముందే, రెండోది వైరు ముట్టుకోకముందే కరెంటు ఉన్న ఇంకో చోట చేయాలి.

ఫైబర్ నిచ్చెన కాళ్ళ గుండా పోయే దారినే మూసేస్తుంది. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రలో ఎర్త్ తగిలిన ఇనుమో పట్టుకుంటే కరెంటు ఛాతీలోంచే పోతుంది. అక్కడ ఏ నిచ్చెనా కాపాడదు.

## ఇంటి బయట తీగలు

డాబా మీద నిచ్చెన వాడేవాళ్ళకు ఈ భాగం అన్నిటికన్నా అవసరం. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు పైతొడుగు ఎండకు పగిలి ఉండొచ్చు. బస్తీల్లో వీధి వెంట సాగే 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల తీగకు అసలు తొడుగే లేకపోవచ్చు. నిబంధనల ప్రకారం 11 కేవీ తీగ భవనానికి పక్కవైపు కనీసం 1.2 మీటర్లు, అంటే దాదాపు 4 అడుగుల దూరంలో ఉండాలి. తర్వాత బాల్కనీ ముందుకు జరిపి కట్టిన ఇళ్ళలో ఆ దూరం కూడా మిగలదు.

ఇప్పుడు 12 అడుగుల వాలు నిచ్చెనను పిట్టగోడ పక్కన ఇద్దరు కలిసి నిలువుగా లేపుతున్నారనుకోండి. గాలికో, పట్టు తప్పో అది పక్కకు ఒరిగితే దాని కొస 12 అడుగుల దూరం వెళ్ళగలదు. తీగ 4 అడుగుల్లోనే ఉంది. అల్యూమినియం అయితే తగిలిన క్షణమే పట్టుకున్న ఇద్దరి గుండా పారుతుంది. తడి వెదురైనా అంతే. ఇంట్లో వాడే ఫైబర్ నిచ్చెనను కూడా 11 కేవీకి అడ్డుగా అనుకోవద్దు, దుమ్మూ తేమా పట్టిన కమ్మీకి ఆ హామీ లేదు. తాకకుండా దగ్గరికి వెళ్ళినా ఆ వోల్టేజీ దూకగలదు.

కాబట్టి నిచ్చెన పొడవుకు ఇంకో 10 అడుగులు కలిపి, అంత దూరంలో తీగ ఉంటే అక్కడ నిచ్చెన లేపకూడదు. మెట్ల మీదుగా డాబా పైకి తీసుకెళ్ళేటప్పుడు అడ్డంగా, ఇద్దరు పట్టుకుని మోయాలి. తీగ పక్కనే పని తప్పదంటే 1912కి ఫోన్ చేసి లైన్ ఆపించమని అడగాలి, లైన్‌మన్ వచ్చి ఆపాకే నిచ్చెన ముట్టాలి. ఎవరికైనా షాక్ తగిలి నిచ్చెనకు అంటుకుపోతే నిచ్చెననూ మనిషినీ ముట్టుకోకుండా ముందు సరఫరా ఆపించాలి.

## ఎవరికి ఏది

అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉంటూ ఫ్యాను, లైటు పనులకు ఎలక్ట్రీషియన్‌నే పిలిచేవాళ్ళకు 5 లేదా 6 అడుగుల అల్యూమినియం చాలు. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మాత్రం మీ నిచ్చెన ఇవ్వకుండా, తన ఫైబర్ నిచ్చెన తెచ్చుకోమనండి. బల్బు దగ్గర నుంచి అన్నీ తామే చేసుకునేవాళ్ళకు 6 అడుగుల ఫైబర్, అదనపు ఖర్చుకు తగినదే.

సొంత ఇల్లు, పైన ట్యాంకు, ముందు సర్వీసు వైరు ఉన్నవాళ్ళు గది లోపలికి 6 అడుగుల ఫైబర్ పెట్టుకుని, ట్యాంకు ఎక్కడానికి గోడకే ఇనుప మెట్లు బిగించుకోవడం మేలు. డాబా మీద పొడవాటి నిచ్చెన లేపే అవసరమే పోతుంది. ఏడాదికోసారి రంగులకు వెదురు నిచ్చెన కావాలంటే కొనకుండా అద్దెకు తెచ్చుకోవచ్చు, తెచ్చాక పిండి, చీలిక, ఇనుప తీగ చూసుకోవాలి.

ఇప్పటికే అల్యూమినియం ఉంటే పారేయాల్సిన పని లేదు. పెయింటర్‌తోనో మార్కర్‌తోనో రెండు కమ్మీల మీదా, ఎక్కేవాడి కంటి ఎత్తులో, "కరెంటు పనికి వాడొద్దు" అని పెద్ద అక్షరాలతో రాయించండి. మీరు లేనప్పుడు దాన్ని తీసేది పక్కింటివాళ్ళో, పనికి వచ్చిన కుర్రాడో అయ్యుండొచ్చు.